ఎంత కావాలి, ఎప్పుడు చేరతారు?

అమ్మాయ్, ఈసారి మన ముచ్చట ఉద్యోగం గురించి. ఇంటర్వ్యూలో అడిగే చిక్కు ప్రశ్నల సంగతి కాదు. అంతకన్నా ముందు, ఏ మధ్యాహ్నమో రిక్రూటర్ ఫోన్ చేసి, చలి గురించి రెండు మాటలు మాట్లాడి, ఫోన్ పెట్టేసే ముందు మామూలుగా అడిగే రెండు ప్రశ్నల సంగతి. జీతం ఎంత ఆశిస్తున్నారు? నోటీస్ పీరియడ్ ఎంత? ఏదో ఫారం నింపడానికి అడిగినట్టే ఉంటుంది. నిజమే, అక్కడ రెండు గళ్లుంటాయి. కానీ ఒకసారి ఆ గళ్లలో పడిన అంకెలు మేనేజర్ దగ్గరికి, అక్కణ్నుంచి జీతం ఖాయం చేసేవాళ్ల దగ్గరికి అలాగే వెళ్తాయి. నెల తర్వాత ఆఫర్ రాసేటప్పుడు నిన్ను మళ్లీ అడగరు. ఆ రోజు నువ్వేమన్నావో తీసి చూసుకుంటారు.

మన పిల్లలకు ఇందులో ఇంకో ఇబ్బంది ఉంది. హైదరాబాద్‌లో చేసి వచ్చినవాళ్లకు నాలుక మీద ఒక లెక్క ఆడుతూ ఉంటుంది: కరెంట్ సీటీసీ ఇంత, ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ ఇంత, మధ్యలో ఇరవయ్యో ముప్పయ్యో శాతం హైక్. ఆ లెక్క ఎప్పుడూ పాత జీతం దగ్గరే మొదలవుతుంది. కెనడాలో ఓ మోస్తరు కంపెనీల్లో లెక్క ఇంకోవైపు నుంచి నడుస్తుంది. ఈ పోస్టుకు ఇంత నుంచి ఇంత అని ముందే బడ్జెట్ రాసుకుని, దానికి పైవాళ్ల సంతకం తీసుకున్నాకే ప్రకటన వేస్తారు. నీ పాత జీతం 60 వేలైనా, 95 వేలైనా ఆ బడ్జెట్ అక్కడే ఉంటుంది. అలాంటప్పుడు 'ఇప్పుడున్నదానికి పది శాతం ఎక్కువిస్తే చాలండీ' అంటే? చీరల కొట్లోకి వెళ్లగానే మన దగ్గరున్న డబ్బెంతో చెప్పేస్తే, కొట్టతను ఇక ఆ ధరకు తగ్గ చీరలే పరుస్తాడు చూడు, అలా ఉంటుంది.

మాకు చెల్లి వరసయ్యే మిస్సిసాగా అమ్మాయి ఒకతి ఈ ఏడాది జనవరిలో నాకు ఫోన్ చేసింది. పేరెందుకులే. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో హైదరాబాద్‌లో ఆరేళ్లు, ఇక్కడ మూడేళ్లు చేసింది. "అక్కా, రేపు రిక్రూటర్ మాట్లాడతానన్నాడు. ఇప్పుడు 82 వేలు వస్తోంది. 90 అడగనా? మరీ ఎక్కువంటారేమో" అంది. ముందు ప్రకటన తీసి చదవమన్నాను. అందులోనే ఉంది: 88 వేల నుంచి లక్షా 8 వేల డాలర్ల వరకు అని. అంటే ఈ పిల్ల తనంతట తానే వాళ్ల అట్టడుగు మెట్టు దగ్గరికి పోయి కూర్చోబోతోందన్నమాట.

ఆ అంకెలు ప్రకటనలో కనిపించడానికి కారణం ఉంది. 2026 జనవరి 1 నుంచి ఒంటారియోలో 25 మంది, అంతకు మించి ఉద్యోగులున్న యజమానులు బహిరంగంగా వేసే ఉద్యోగ ప్రకటనల్లో జీతమో, జీతం పరిధో రాసి తీరాలి. ఆ పరిధి కింది అంకెకూ పై అంకెకూ మధ్య తేడా ఏడాదికి 50 వేల డాలర్లు దాటకూడదు. రెండు లక్షలకు పైబడిన ఉద్యోగాలకు ఈ నియమం వర్తించదు. బ్రిటిష్ కొలంబియాలో ఇలాంటి నియమం 2023 నవంబరు 1 నుంచే ఉంది. అయితే చట్టం 'బహిరంగ ప్రకటన' అంటుంది, గుర్తుపెట్టుకో. రిక్రూటర్ నీకొక్కదానికే మెసేజ్ పెడితే అది ప్రకటన కాదు, అందులో జీతం రాయకపోయినా తప్పు పట్టలేం. అలాంటప్పుడు కంపెనీ పేరు అడిగి, వాళ్ల వెబ్‌సైట్‌లో అదే పోస్టు ఉందేమో వెతుకు. లేకపోతే అతన్నే అడుగు. ప్రకటన దొరకనప్పుడు ప్రభుత్వ జాబ్ బ్యాంక్ సైట్‌లో (jobbank.gc.ca) ఆ వృత్తికి నీ ఊళ్లో తక్కువ, మధ్యస్థ, ఎక్కువ వేతనాలు గంటల లెక్కన ఉంటాయి. కాస్త పాత లెక్కలే, కానీ గాల్లో చెప్పేదానికన్నా నయం.

ఇక మన పిల్ల లెక్కకు వద్దాం. 82 వేలు అంటోందే, అది బేస్ మాత్రమే. దాని మీద ఏటా 8 శాతం బోనస్, అంటే 6,560 డాలర్లు. ఆర్‌ఆర్‌ఎస్‌పీలో కంపెనీ జమచేసే 4 శాతం, అంటే 3,280. కలిపితే 91,840. పైగా ఇక్కడ నాలుగు వారాల సెలవు ఉంది. కొత్తచోట మూడే అయితే ఒక వారం జీతం, ఉజ్జాయింపుగా 1,600, పోయినట్టే. అంటే కొత్తచోట బోనస్, ఆర్‌ఆర్‌ఎస్‌పీ లేకుండా 90 వేలు వస్తే అది పెంపు కాదు, మూడు వేలకు పైగా కోత. ఆ మాట చెబితే పిల్ల కాసేపు మాట్లాడలేదు. సీటీసీ అలవాటులో ఉన్నవాళ్లకు ఇదే దెబ్బ. అక్కడ అన్నీ కలిపి ఒకే అంకె చెప్పడం అలవాటు. ఇక్కడ ఫోన్లో జీతం అంటే బేస్ అనే అర్థం. నువ్వు మనసులో అన్నీ కలుపుకుని చెప్పిన అంకెను అతను బేస్ గడిలో రాసుకున్నాడనుకో, తర్వాత బోనస్ గురించి అడిగితే 'మీరు చెప్పినదానికి పైన ఇది అదనం' అంటాడు. అది నీకు లాభమే. కానీ నువ్వు బేస్ అనుకుని చెప్పినదాన్ని వాళ్లు మొత్తం అనుకుంటే మునిగావు. అందుకే అంకె చెప్పిన ప్రతిసారీ పక్కనే 'బేస్' అనే మాట కూడా చెప్పాలి.

అలా లెక్క చూసుకున్నాక మూడు అంకెలు కాగితం మీద రాసుకోమన్నాను. ఇంతకన్నా తక్కువైతే కదలను అనేది ఒకటి: 96. సంతోషంగా ఒప్పుకునేది ఒకటి: లక్ష. అడిగేది ఒకటి: లక్షా 3. మొదటి రెండూ ఎవరికీ చెప్పేవి కావు, వాళ్లాయనకు తప్ప. మూడోది కూడా మొదటి ఫోన్లో వీలైనంత వరకు చెప్పకూడదు.

మరి ఏమనాలి? మొదటిసారి అడిగినప్పుడు ఆ అమ్మాయి ఇలా అంది. ఇంగ్లిష్‌లోనే అందిలే, నేను మన మాటల్లో చెబుతున్నాను: "మీ ప్రకటనలో 88 నుంచి లక్షా 8 అని చూశాను, ఆ పరిధి నాకు సరిపోతుంది. నా తొమ్మిదేళ్ల అనుభవానికి అందులో పైభాగం ఉంటుందనుకుంటున్నాను. పని ఏమిటో, బోనస్, సెలవుల సంగతేమిటో తెలిశాక కచ్చితమైన అంకె చెబుతాను. ఇంతకీ ఈ పోస్టుకు సాధారణంగా మీరు ఆ పరిధిలో ఎక్కడ తీసుకుంటున్నారు?" చివరి ప్రశ్న ముఖ్యం. పరిధి వెడల్పుగా ఉన్నప్పుడు పై అంకె చాలాసార్లు అలంకారానికే ఉంటుంది. 'మధ్యలో తీసుకుంటున్నాం, పైది ఇప్పటికే లోపల ఉన్నవాళ్లకు' అన్నాడనుకో, అది ఎంతో విలువైన సమాచారం. ప్రశ్న అడిగాక నోరు మూసుకుని ఆగాలి. మనకు ఆ రెండు క్షణాల నిశ్శబ్దం భరించలేక 'కొంచెం అటూ ఇటూ అయినా పర్వాలేదండీ' అనే పాడు అలవాటు ఉంది. ఆ ఒక్క వాక్యం మన చేత ఎన్ని వేల డాలర్లు వదిలించిందో!

అతను ఊరుకోలేదు. 'అంకె లేకపోతే మీ ప్రొఫైల్ ముందుకు పంపలేను' అన్నాడు. ఇలా అనడం మామూలే, కొన్నిచోట్ల నిజం కూడా. రెండోసారి కూడా తప్పించుకుంటే ఈమెతో వ్యవహారం కష్టం అనుకుంటారు. కాబట్టి అప్పుడు అంకె చెప్పేయడమే మంచిది, కానీ చెప్పే తీరు ఉంది. "బేస్ లక్షా 2 నుంచి లక్షా 8 మధ్య అని రాసుకోండి. మిగతా ప్యాకేజీని బట్టి మాట్లాడుకుందాం" అంది. రెండు అంకెలు చెబితే వినేవాడి చెవిన కిందిదే పడుతుంది. అందుకని కింది అంకె కూడా నువ్వు సంతోషంగా ఒప్పుకునేదిగా ఉండాలి. 95 నుంచి లక్షా 8 అని ఉంటే, ఆమెకు 95 వచ్చేది. ఫోన్ పెట్టాక అదే మాట రెండు వాక్యాల ఈమెయిల్‌గా పంపించాను... అంటే, ఆమె చేత పంపించాను. ఆ గడిలో అతనేం రాసుకున్నా, మన మాట మన దగ్గర రాతలో ఉంటుంది.

ఆన్‌లైన్ అప్లికేషన్‌లో ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకు కదలకపోవడం కూడా ఉంది. మాటలు రాయనిచ్చే గడి అయితే 'ప్రకటించిన పరిధిలో' అని రాయి. అంకెలే తీసుకునేదైతే పరిధిలో పైభాగం నుంచి ఒక అంకె వెయ్యి. సున్నా వేసే సలహా అక్కడక్కడ వినిపిస్తుంది. నాకైతే అది నచ్చదు, కొన్ని సాఫ్ట్‌వేర్లు అంకెను బట్టి జల్లెడ పడతాయి.

'ఇప్పుడు మీకెంత వస్తోంది?' అని అడిగితే? బ్రిటిష్ కొలంబియాలో, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో ఆ ప్రశ్న అడగడమే చట్టవిరుద్ధం. ఒంటారియోలో 2018లో ఇలాంటి చట్టం ఒకటి చేశారు కానీ అది అమలులోకి రాలేదు. కాబట్టి టొరంటోలో అడుగుతారు. చెప్పాల్సిన బాధ్యత నీకు లేదు. "ఇప్పటి పని వేరు, ఈ పని వేరు, అందుకే ఈ పోస్టు పరిధి మీదే మాట్లాడదామండీ" అని నవ్వుతూ అనేయొచ్చు. చెప్పక తప్పదనిపిస్తే మొత్తం లెక్క చెప్పు: బేస్ ఇంత, బోనస్ ఇంత, ఆర్‌ఆర్‌ఎస్‌పీ ఇంత అని. అబద్ధం మాత్రం వద్దు. తర్వాత పే స్లిప్పో టీ4 కాగితమో అడిగితే చేతికొచ్చిన ఆఫర్ జారిపోతుంది. లేని రెండో ఆఫర్ ఉందని చెప్పడం కూడా అంతే. 'సరే అక్కడికే వెళ్లండి' అంటే ఎక్కడికి పోతావ్?

ఇక్కడ ఇంకో విషయం. ఫోన్ చేసింది ఎవరో తెలుసుకోవాలి. కంపెనీ సొంత రిక్రూటరైతే అతని పని బడ్జెట్‌లో మనిషిని పట్టడం. బయటి ఏజెన్సీ పర్మినెంట్ ఉద్యోగానికి మనిషిని చూసిపెడితే, సాధారణంగా నీ మొదటి ఏడాది జీతంలో ఇంత శాతం అని కంపెనీ దగ్గర తీసుకుంటుంది. కాబట్టి నీకు ఎక్కువొస్తే అతనికీ కొంచెం ఎక్కువే. కానీ అతనికి ఆ కొంచెం కన్నా పని త్వరగా తెమలడం ముఖ్యం. కాంట్రాక్టు ఉద్యోగమైతే కథే వేరు. క్లయింట్ ఏజెన్సీకి గంటకు ఇంతని ఇస్తాడు, ఏజెన్సీ నీకు గంటకు ఇంతని ఇస్తుంది, మధ్యలోది దాని లాభం. నువ్వు గంటకు ఐదు డాలర్లు తక్కువ చెబితే ఆ ఐదూ క్లయింట్‌కు మిగలకపోవచ్చు, ఏజెన్సీకే మిగలొచ్చు. మన తెలుగువాళ్ల ఏజెన్సీ కదా, 'తమ్ముడూ నువ్వే చూసి చెయ్యి' అని వదిలేయడం ఇక్కడ పనికిరాదు. అన్నట్టు, ఒంటారియోలో 2024 జూలై నుంచి బయటి రిక్రూటర్లకు లైసెన్స్ ఉండాలి. ఉద్యోగం ఇప్పిస్తామని నీ దగ్గరే డబ్బు అడిగినవాడితో ఇక మాటలే అనవసరం.

రెండో ప్రశ్న, నోటీస్. ఇది చిన్న ప్రశ్న అనుకుంటాం కానీ మనవాళ్లు ఎక్కువ పోగొట్టుకునేది ఇక్కడే. హైదరాబాద్‌లో అరవై, తొంభై రోజుల నోటీస్ వల్ల ఎన్నో ఆఫర్లు పోవడం చూసినవాళ్లం. దాంతో ఇక్కడ ఎవరైనా అడగగానే 'రెండు వారాలేనండీ, కావాలంటే ఇంకా ముందే వచ్చేస్తాను' అని పొంగిపోతాం. కొత్త యజమానికి నువ్వు తొందరగా రావడం విలువైన సంగతి. దాన్ని అడక్కుండానే ఊరికే ఇచ్చేశావు.

మొదట నీ పాత ఆఫర్ లెటర్ తీసి నోటీస్ గురించి ఏం రాసిందో చదువు. ఇక్కడ రెండు వారాలు అనేది చాలాచోట్ల ఆనవాయితీ. ఒంటారియోలో మామూలుగా మానేసే ఉద్యోగి ఇన్ని రోజులు ముందు చెప్పాలని ఉపాధి ప్రమాణాల చట్టంలో లేదు, కానీ ముందుగా చెప్పకుండా వెళ్లిపోవడం సబబు కాదని కోర్టుల సంప్రదాయం. అల్బర్టాలో చట్టంలోనే ఉంది: 90 రోజులు దాటి రెండేళ్ల లోపు పనిచేసినవాళ్లు ఒక వారం, రెండేళ్లు నిండినవాళ్లు రెండు వారాలు. మానిటోబాలో ఏడాది లోపు వారం, ఆపైన రెండు వారాలు. వీటన్నిటి పైన నీ కాంట్రాక్టు. అందులో మూడు, నాలుగు వారాలని ఉంటే అదే లెక్క. లీడ్, మేనేజర్ స్థాయిలో అలా ఉండటం అరుదేమీ కాదు. మొదటి ఫోన్లో వారంలో వస్తానని నోరు జారి, ఆఫర్ వచ్చాక 'అయ్యో, నాలుగు వారాలట' అన్నావనుకో, సరిగ్గా జీతం పెంచమని అడగాల్సిన రోజున నువ్వు వాళ్ల దయ అడగాల్సి వస్తుంది.

మన పిల్ల కాంట్రాక్టులో రెండు వారాలే ఉంది. కానీ పాత కంపెనీ బోనస్ మార్చి రెండో వారంలో జమవుతుంది, ఆ రోజుకు ఉద్యోగంలో ఉన్నవాళ్లకే ఇస్తారు. చాలా బోనస్ పథకాల్లో ఈ షరతు ఉంటుంది. ఆఫర్ ఫిబ్రవరి మధ్యలో వచ్చేలా ఉంది. 'రెండు వారాల్లో వస్తాను' అని మాట ఇచ్చేసి ఉంటే 6,560 డాలర్లు నీళ్లపాలే. అలాగని మొదటి ఫోన్లో బోనస్ సంగతి ఎత్తితే, ఇంకా ఎంపికే కాలేదు, అప్పుడే లెక్కలా అనుకుంటారు. నెల నోటీస్ ఉందని అబద్ధం చెప్పడమూ అక్కర్లేదు. ఆమె అన్నది ఇదీ: "కాంట్రాక్టు ప్రకారం రెండు వారాలు. అది ఆఫర్ మీద సంతకాలయ్యి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తయ్యాక మొదలవుతుంది. చేరే తేదీ ఆఫర్ దశలో ఇద్దరికీ వీలుగా ఖాయం చేసుకుందాం. మీకు ఏదైనా గడువు ఉందా?" నోటీస్ వేరు, చేరే తేదీ వేరు. మొదటిది నిజం చెప్పాలి, రెండోది అట్టిపెట్టుకోవాలి. వాళ్ల గడువు ఏమిటో తెలిస్తే, తొందర ఎవరిదో కూడా తెలుస్తుంది. వాళ్ల ప్రాజెక్టు ఏప్రిల్‌లో మొదలని ఆ ప్రశ్నతోనే బయటపడింది.

బ్యాక్‌గ్రౌండ్ చెక్ మాట ఊరికే అనలేదు. ఆఫర్ లెటర్‌లో 'ఈ తనిఖీలకు లోబడి' అని ఉంటుంది. క్రిమినల్ రికార్డు, పాత ఉద్యోగాల నిర్ధారణ, బ్యాంకుల్లోనైతే క్రెడిట్ చెక్ కూడా. అవి అయిపోయాయని రాతపూర్వకంగా చెప్పే వరకు రాజీనామా ఇవ్వొద్దు. ఒక యజమాని దగ్గరే పనిచేసే వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు వట్టి 'రెండు వారాలు' అనడం కూడా పొరపాటే. కొత్త పర్మిట్ సంగతి ముందే చెప్పాలి. ఇండియాలో ఉండి పీఆర్ చేతికొచ్చి ఇక్కడి ఉద్యోగాలకు మాట్లాడుతున్నవాళ్లు, రోజుల సంఖ్య కాకుండా తేదీ చెబితే మేలు. 'తొంభై రోజులు' అంటే ఇక్కడివాళ్లు బెదిరిపోతారు, 'జూన్ మొదటి వారంలో టొరంటోలో చేరగలను' అంటే క్యాలెండర్ చూసుకుంటారు. ముందే వదులుతారేమో మీ హెచ్‌ఆర్‌ను అడిగి రూఢి చేసుకోకుండా తక్కువ చెప్పకండి. ఇక ఉద్యోగం లేనివాళ్లు ఉన్న సంగతి దాచక్కర్లేదు. 'ఆఫర్ మీద సంతకమయ్యాక రెండు వారాల్లోపు చేరగలను' అంటే చాలు. 'రేపే రమ్మన్నా వస్తాను' అనక్కర్లేదు.

ఫిబ్రవరిలో ఆఫర్ వచ్చింది. బేస్ 98 వేలు, బోనస్ 5 శాతం, ఆర్‌ఆర్‌ఎస్‌పీ 3 శాతం, మూడు వారాల సెలవు, మార్చి మొదట్లో చేరాలి. ఫోన్లోనే సరే అనకుండా థాంక్స్ చెప్పి, కాగితం పంపమంది. మర్నాడు జవాబు రాసింది: మీతో పనిచేయాలని ఉంది. బేస్ లక్షా 3, నాలుగో వారం సెలవు అయితే వెంటనే సంతకం చేస్తాను. మార్చిలో నాకు రావాల్సిన బోనస్ ఉంది, ఏప్రిల్ మొదట్లో చేరనివ్వండి, లేదా ముందే కావాలంటే ఆ మొత్తాన్ని జాయినింగ్ బోనస్‌గా ఇవ్వండి. మొదటి రోజు రాతలో ఉన్నది లక్షా 2 నుంచి లక్షా 8 కాబట్టి, లక్షా 3 అడిగితే ఎవరూ ఆశ్చర్యపోలేదు. రెండు రోజుల తర్వాత లక్షా 1 వెయ్యి, నాలుగు వారాల సెలవు, ఏప్రిల్ మొదట్లో చేరిక అన్నారు. జాయినింగ్ బోనస్ లేదన్నారు, తేదీ ఇచ్చాక దాని అవసరమూ లేదు. బేస్, బోనస్, ఆర్‌ఆర్‌ఎస్‌పీ కలిపితే 1,09,080 డాలర్లు. పాతది 91,840. ముందు అనుకున్నట్టు 90 చెప్పి, అదే ఇచ్చి ఉంటే, ఇవే శాతాలతో 97,200 అయ్యేది, సెలవు మూడు వారాలే ఉండేది.

అన్నిసార్లూ ఇలా జరగదు సుమా. ప్రభుత్వ ఉద్యోగాలు, యూనియన్ ఉన్నచోట్ల జీతం మెట్లు ముందే రాసి ఉంటాయి. అక్కడ బేరం అంతా నిన్ను ఏ మెట్టు మీద పెడతారన్నదే. మార్కెట్ మందకొడిగా ఉన్నప్పుడు 98 దగ్గరే ఆగిపోవచ్చు. అప్పుడు 98కి ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు, మన 96 కన్నా పైనే కదా.

అన్నట్టు ఒకరు అడిగారు, ఇక్కడ రిలీవింగ్ లెటర్ ఎవరిస్తారని. ఆ గొడవ లేదమ్మా. ఉద్యోగం మానేస్తే రికార్డ్ ఆఫ్ ఎంప్లాయ్‌మెంట్ అని ఒకటి తయారవుతుంది, ఎక్కువగా అది నేరుగా సర్వీస్ కెనడాకే వెళ్తుంది. కొత్తవాళ్లు పాత కంపెనీని అడిగి నిర్ధారించుకుంటారు. ఆఖరి రోజు దాకా మర్యాదగా ఉండి, చేతిలో పని అప్పగించి రావడం మాత్రం మన పని.

ఇప్పుడు ఉద్యోగం వెతకనివాళ్లు కూడా ఈ ఆదివారం పాత ఆఫర్ లెటర్ తీసి రెండు చోట్ల గీత గీయండి: నోటీస్ ఎన్ని వారాలని రాసిందో అక్కడ, బోనస్ ఏ షరతు మీద ఇస్తారని రాసిందో అక్కడ. రిక్రూటర్ ఫోన్ చెప్పి రాదు కదా.